వస్తానని రాని మెకానిక్‌కి ఏమని రాయాలి?

పొద్దున పదింటి నుంచి ఇంట్లో మనిషి కదలకుండా కూర్చున్నా మెకానిక్ రాలేదు. సాయంత్రం ఫోన్‌కి మాత్రం ఒక మెసేజ్ వచ్చింది: ‘కస్టమర్ అందుబాటులో లేనందున మీ విజిట్ వాయిదా పడింది.’ ఫ్రిజ్ అయినా, ఏసీ అయినా, వాషింగ్ మెషీన్ అయినా వారంటీలో రిపేరు పెట్టుకున్నవాళ్లలో ఈ వాక్యం చదివి ఒళ్లు మండనివాళ్లు తక్కువ. అరగంటలోపే వాళ్లు ఏదో ఒకటి టైపు చేస్తారు. మెకానిక్ మర్నాడు వస్తాడా, వారం తర్వాత వస్తాడా అన్నది చాలాసార్లు ఆ టైపు చేసినదాని మీదే ఆధారపడుతుంది.

ఆ మెసేజ్ ఎలా ఉండాలో తెలియాలంటే, అది చేరే చోట పని ఎలా నడుస్తుందో కొంచెం తెలియాలి. కంపెనీ టోల్‌ఫ్రీ నంబరుకి ఫోన్ చేస్తే కంప్లెయింట్ నంబరు ఒకటి పుడుతుంది. అది ఆ ఊళ్లో కంపెనీ పని చేసిపెట్టే సర్వీస్ సెంటర్‌కి వెళుతుంది. చాలాచోట్ల ఇది కంపెనీ సొంత ఆఫీసు కాదు, ఒప్పందం మీద నడిచే స్థానిక వ్యాపారం. అక్కడ కూర్చున్న మనిషి ఆ రోజు కంప్లెయింట్లను ఏరియాల వారీగా పంచి కుర్రాళ్ల ఫోన్లలో వేస్తాడు. ఒక్కో కంప్లెయింట్ ఎన్ని గంటల్లో ముగిసిందో పైనుంచి కంపెనీ లెక్క చూస్తుంటుంది. పని ముగియకపోతే ఎందుకు ముగియలేదో ఒక కారణం నమోదు చేయాలి. విడిభాగం రాలేదని రాస్తే జవాబు చెప్పుకోవలసింది సర్వీస్ సెంటర్. కస్టమర్ ఇంట్లో లేరని రాస్తే ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు. ఆ రెండో కారణం అంత తరచుగా ఎందుకు కనిపిస్తుందో వేరే చెప్పాలా?

మెకానిక్ వైపు నుంచీ ఒక మాట చెప్పుకోవాలి. ముందు ఇంట్లో ఏసీకి గ్యాస్ లీకు ఎక్కడో దొరక్క రెండు గంటలు పట్టొచ్చు. నిచ్చెన మీద ఉన్నవాడు ఫోన్ ఎత్తలేడు. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడలోనో ఖమ్మంలోనో ఏసీ కంప్లెయింట్లు ఎలా వచ్చిపడతాయో ఊహించడం కష్టం కాదు. చాలామందికి జీతం కన్నా పూర్తయిన కాల్‌కి ఇంత అని వచ్చేదే ఎక్కువ కాబట్టి ఊరికే ఎగ్గొట్టే ఉద్దేశం తక్కువమందికే ఉంటుంది. అయితే రాలేకపోవడం వేరు, వచ్చినా మీరు లేరని రాసుకోవడం వేరు. మొదటిదాన్ని అర్థం చేసుకోవచ్చు, రెండోదాన్ని ఆ రోజే సరిచేయించాలి.

ఇక ఒక ఇంటి సంగతి ఊహించుకుని మొదటినుంచీ చూద్దాం. విజయవాడ పటమటలో ఒక అపార్ట్‌మెంట్. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు, ఇంట్లో అత్తగారు ఉంటారు. ముందు తలుపు ఉండే రకం వాషింగ్ మెషీన్, ఇంకా వారంటీలోనే ఉంది. సోమవారం, జూన్ 9న అది మధ్యలో ఆగి తెర మీద OE అని చూపించింది. వాళ్ల మోడల్‌లో దానర్థం నీళ్లు బయటికి పోవడం లేదని. కంప్లెయింట్ పెడితే గురువారం, జూన్ 12 ఉదయం 10 నుంచి 1 మధ్య మెకానిక్ వస్తాడని మెసేజ్ వచ్చింది. గురువారం ఎవరూ రాలేదు. మధ్యాహ్నం మెకానిక్ నంబరుకి రెండుసార్లు చేసినా ఎత్తలేదు. 5.40కి ‘కస్టమర్ అందుబాటులో లేరు’ వచ్చింది.

కోపంలో వేళ్లు మొదట టైపు చేసేది ఇలా ఉంటుంది:

‘ఏంటండీ ఇది? మూడు రోజుల నుంచి చూస్తున్నాం. మీకు బాధ్యత లేదా? ఇంట్లో మనిషి ఉంటే లేరని ఎలా పెడతారు? రేపు రాకపోతే కన్స్యూమర్ కోర్టుకి వెళ్తాను. మీ కంపెనీ పేరు ఫేస్‌బుక్‌లో పెడతాను.’

ఇందులో అబద్ధం ఏమీ లేదు, కోపమూ న్యాయమైనదే. కానీ మెకానిక్ కళ్లతో చదివితే అందులో పనికొచ్చేది ఒక్కటీ కనబడదు. ఏ ఇల్లు, ఏ మెషీన్, ఏ నంబరు? ఆ రోజు అతని జాబితాలో ఇలాంటివి ఇంకా ఉండొచ్చు. అడిగిన ప్రశ్నలు మూడూ జవాబు రాబట్టేవి కావు, దులిపేసేవి. ‘రేపు’ అంటే ఎన్నింటికి? కోర్టు మాట చూసి అతను చేయగలిగింది కూడా ఏమీ లేదు. కోర్టుకి జవాబు చెప్పుకునేది కంపెనీ, అతను కాదు. మహా అయితే ఈ ఇంటిని గొడవ ఇల్లని గుర్తుపెట్టుకుని, జాబితాలో చివరికి నెడతాడు.

దీనికి అవతలి కొసన ఉండేది మరీ మెత్తటి మెసేజ్: ‘అన్నా, ఈరోజు బిజీ అనుకుంటా, పర్లేదు, వీలు చూసుకుని ఒకసారి రండి ప్లీజ్.’ ఇది రాసినవాళ్లు మంచివాళ్లే గానీ, ‘పర్లేదు’ అన్నాక ఆగిన పని మళ్లీ కదలడానికి కారణమే లేదు. ‘వీలు చూసుకుని’ అంటే వీలు దొరికే దాకా అని అతను అర్థం చేసుకుంటే తప్పెవరిది? పైగా ‘లేరు’ అని నమోదైన అబద్ధం అలాగే ఉండిపోతుంది.

అదే సాయంత్రం ఆరింటికి ఆ ఇంటివాళ్లు మెకానిక్ వాట్సాప్‌కి ఇలా పంపారనుకుందాం:

‘నమస్తే అండీ. పటమట నుంచి, వాషింగ్ మెషీన్, కంప్లెయింట్ నంబరు చివర 4471. ఈరోజు గురువారం, జూన్ 12, ఉదయం 10–1 మధ్య వస్తారని మెసేజ్ వచ్చింది. మా అత్తగారు పొద్దుటి నుంచీ ఇంట్లోనే ఉన్నారు. ఎవరూ రాలేదు, ఫోన్ కూడా రాలేదు. 1.35కి, 3.10కి నేనే మీకు చేశాను. 5.40కి కస్టమర్ అందుబాటులో లేరని మెసేజ్ వచ్చింది. అది నిజం కాదు, దాన్ని సరిచేయించండి.

మెషీన్‌లో OE వస్తోంది. కింది ఫిల్టర్ తీసి శుభ్రం చేశాం, పైపు ఎక్కడా మడత పడలేదు. మళ్లీ వేస్తే నీళ్లు పోయే సమయానికి పంపు చప్పుడే రావడం లేదు. మోడల్ స్టిక్కర్ ఫొటో కింద పెట్టాను. వచ్చేటప్పుడు ఆ మోడల్ పంపు తెచ్చుకుంటే ఒక్కసారిలో పని అయిపోవచ్చు.

రేపు శుక్రవారం 13న ఉదయం 10 నుంచి సాయంత్రం 5 దాకా, లేదా శనివారం 14న మధ్యాహ్నం 1 లోపు ఇంట్లో ఉంటాం. రెండిట్లో మీకు ఏది కుదురుతుందో, ఎన్నింటికి వస్తారో ఈ రాత్రి 8 లోపు చెప్పండి.’

కోర్టు మాట లేదు, ఫేస్‌బుక్ మాట లేదు, ఒక్క పరుష పదం లేదు. అయినా మొదటి మెసేజ్ కన్నా ఇదే గట్టిది. ఎందుకంటే ఇందులో కాదనడానికి వీల్లేని సంగతులున్నాయి. ఫోన్ చేసిన సమయాలు అతని ఫోన్‌లోనూ ఉంటాయి. ‘ఎన్నోసార్లు చేశాను’ అంటే ఎవరైనా కొట్టిపారేయొచ్చు, ‘1.35కి, 3.10కి’ అంటే కొట్టిపారేయలేరు. ఇంట్లో ఎవరున్నారో చెప్పడమూ అందుకే. ఫోన్ నంబరు ఇచ్చింది కోడలైనా తలుపు తీసేది అత్తగారని అతనికి తెలియాలి. లేకపోతే కోడలు మీటింగ్‌లో ఉండి ఒక్క ఫోన్ ఎత్తకపోయినా ‘అందుబాటులో లేరు’ అనడానికి సాకు దొరుకుతుంది.

‘నిజం కాదు, సరిచేయించండి’ అన్నచోట చాలామంది తటపటాయిస్తారు. మొహం మీద అన్నట్టు ఉంటుందని, రేపు వచ్చేది అతనేనని జంకు. అక్కడ ‘మీరు అబద్ధం పెట్టారు’ అని లేదు, గమనించండి. పెట్టింది అతనో, సెంటర్‌లో కూర్చున్నవాళ్లో ఇంటివాళ్లకి తెలియదు. తెలియనిది అనకుండా, తెలిసినది తగ్గించకుండా చెబితే చాలు. ‘దయచేసి’ ఒక్కసారి వాడినా మంచిదే. కానీ ప్రతి వాక్యానికీ తగిలిస్తే అడగడం పోయి బతిమాలడం మిగులుతుంది. ‘అండీ’, ‘రండి’, ‘చెప్పండి’ అనేవాటిలో ఉన్న మర్యాద ఇద్దరికీ సరిపోతుంది. వయసులో చిన్నవాడని ‘ఏమయ్యా’, ‘బాబూ’ అని మొదలుపెడితే మాత్రం తర్వాతి వాక్యాలు ఎంత పద్ధతిగా ఉన్నా అతనికి ఆ పిలుపే వినపడుతుంది.

రెండో పేరా చాలామందికి తట్టనిది, నిజానికి అన్నిటికన్నా పనికొచ్చేది. తప్పిపోయిన మొదటి విజిట్ కన్నా ఎక్కువ కాలం తినేది ఒకటుంది. మెకానిక్ వస్తాడు, విప్పి చూస్తాడు, ‘పంపు పోయిందండీ, ఆర్డర్ పెట్టాలి’ అని వెళ్లిపోతాడు. మళ్లీ కొన్ని రోజులు. కాబట్టి ఎలాగూ ఎదురుచూపు తప్పనప్పుడు, ఆ సాయంత్రం ఇంట్లోవాళ్లు చేయగలిగిన పరీక్ష ఒకటి చేసి ఫలితం రాయడం మంచిది. ముందు తలుపు మెషీన్లలో కింద ఒక మూలన చిన్న మూత ఉంటుంది. ప్లగ్ తీసేసి, లోపలి నీళ్లు వేడిగా ఉంటే చల్లారనిచ్చి, ఆ మూత తెరిస్తే చాలా మోడళ్లలో ఒక సన్నటి రబ్బరు గొట్టం కనబడుతుంది. దాని బిరడా తీసి నీళ్లను పళ్లెంలోకి వదలాలి. ఒక్క పళ్లెంతో అయిపోదు, పాత టవల్ దగ్గర పెట్టుకోవాలి. తర్వాత పక్కనున్న పెద్ద మరను తిప్పి లాగితే ఫిల్టర్ బయటికొస్తుంది. రూపాయి నాణెం, పిన్నీసు, పిల్లల సాక్సు, జుట్టు ఉండ, జాకెట్ హుక్కు ఏది దొరికినా ఆశ్చర్యం లేదు. అది తీసి పెట్టేసరికి మెషీన్ మామూలుగా తిరిగితే మెకానిక్ అక్కర్లేదు, కంప్లెయింట్ రద్దు చేయించుకోవచ్చు.

ఫిల్టర్ శుభ్రంగా ఉండి, పైపు మడత పడకుండా ఉండి, నీళ్లు పోయే దశలో ‘గుర్ర్’ మనే చప్పుడు కూడా లేకపోతే పంపు మోటారు మీదకో, దానికి కరెంటు పంపే బోర్డు, వైర్ల మీదకో అనుమానం పోతుంది. చప్పుడు ఉండి నీళ్లు కదలకపోతే లోపల ఏదో అడ్డుపడి ఉండొచ్చు, పంపులో తిరిగే రెక్కలు పాడై ఉండొచ్చు. ఈ తేడా ఒక్క వాక్యంలో రాస్తే చదివే మెకానిక్‌కి సంచిలో ఏం పెట్టుకోవాలో తెలుస్తుంది. ఇంటివాళ్లు రోగం తేల్చనక్కర్లేదు. ‘పంపు పోయింది’ అని తీర్పు ఇవ్వకుండా, చూసిందీ విన్నదీ రాస్తే చాలు. మోడల్ నంబరు కోసం బిల్లు వెతుక్కోనక్కర్లేదు. ఈ రకం మెషీన్లలో తలుపు తెరిస్తే అంచు దగ్గరో, వెనక పక్కనో స్టిక్కర్ ఉంటుంది. ఫ్రిజ్‌కైతే లోపలి గోడ మీద, ఏసీకైతే యూనిట్ పక్కన చూడాలి. నంబరు చేత్తో కొట్టడం కన్నా ఫొటో నయం. సున్నాకీ ఓ అక్షరానికీ తేడా పోతే వచ్చే విడిభాగమే మారిపోతుంది.

చివరి పేరాలో రెండు రోజులు ఇచ్చారు, ఒకటి కాదు. ఒక్కటే ఇస్తే ‘ఆ రోజు కుదరదండీ’ అనే జవాబుతో మాట ఆగిపోతుంది. రెండిట్లో ఏదని అడిగితే జవాబు ఆ రెండిట్లోంచే రావాలి. వారం, తేదీ రెండూ రాయడం చాదస్తం అనిపించొచ్చు. రాత్రి పంపిన మెసేజ్‌ని మర్నాడు పొద్దున చదివితే ‘రేపు’ ఒక రోజు జరిగిపోతుంది. ‘సాయంత్రం’ అంటే ఒకరికి నాలుగు, ఇంకొకరికి ఎనిమిది. అడిగింది రిపేరు ఎప్పుడవుతుందని కాదు, ఎన్నింటికి వస్తారో ఎనిమిదిలోపు చెప్పమని. ఆ చిన్న గడువు దాటితే తర్వాత ఏం చేయాలో రాత్రే తేలిపోతుంది. లేకపోతే శుక్రవారం మళ్లీ ఒకరు ఇంట్లో కాపలా కూర్చోవాలి.

ఇదంతా వాయిస్ మెసేజ్‌లో చెప్పేయొచ్చుగా అనిపిస్తుంది. చెప్పొచ్చు, కానీ బండి మీద వెళ్తూ విన్నవాడికి కంప్లెయింట్ నంబరు గుర్తుండదు, తర్వాత వెతుక్కోవడమూ కష్టం. ఫోన్‌లో మాట్లాడుకున్నా సరే, పెట్టేశాక ఒక్క ముక్క రాయాలి: ‘ఇప్పుడు ఫోన్‌లో అనుకున్నట్టు శనివారం 14న ఉదయం 11కి వస్తారు. కంప్లెయింట్ 4471.’ అతను వేలు పైకెత్తిన బొమ్మ పంపినా అది ఒప్పుకోలే.

ఎనిమిది దాటినా జవాబు రాలేదనుకుందాం. అప్పుడు మెకానిక్‌కి రెండో మెసేజ్ పెట్టడం దండగ. అదే మెసేజ్‌ని, పైన ఒక్క వాక్యం చేర్చి, కంపెనీ కస్టమర్ కేర్ ఈమెయిల్‌కి పంపాలి: ‘మీ టెక్నీషియన్‌కి ఈరోజు సాయంత్రం 6కి పంపిన మెసేజ్ కింద ఉంది, జవాబు రాలేదు. విజిట్ జరగకుండానే కస్టమర్ లేరని నమోదు చేశారు. ఆ నమోదు సరిచేసి, శనివారం 14 మధ్యాహ్నం 1 లోపు టెక్నీషియన్‌ని పంపుతున్నట్టు రేపు మధ్యాహ్నం 12 లోపు తెలియజేయగలరు.’ బిల్లు కాపీ, వచ్చిన మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు జతచేయాలి. ఇక్కడా కోపం అక్కర్లేదు. పాత కంప్లెయింట్‌ని వదిలేసి కొత్తది పెట్టమని కాల్ సెంటర్‌లో అంటే మాత్రం ఒప్పుకోకూడదు. కొత్త నంబరుతో లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. 9వ తేదీ నుంచి ఆగిన పని 13న పుట్టినట్టు కనబడుతుంది.

శనివారమూ గడిచిపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. తెలుగుతో కలిపి 17 భాషల్లో ఫిర్యాదు తీసుకుంటారు. అది కోర్టు కాదు. కంపెనీకి ఫిర్యాదు పంపి జవాబు అడుగుతుందే తప్ప ఆదేశం ఇవ్వలేదు. అయినా అక్కడి నుంచి వెళ్లిన ఫిర్యాదు కాల్ సెంటర్ కుర్రాడి దగ్గర కాకుండా కంపెనీలో ఇంకాస్త పైన పడే అవకాశం ఉంటుంది. అక్కడా తేలకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా కమిషన్‌కి వెళ్లొచ్చు. ఫిర్యాది ఉండే ఊళ్లోనే కేసు వేయొచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు, రెండేళ్ల గడువు ఉంటుంది. వాషింగ్ మెషీన్ పంపు కోసం అంతదూరం వెళ్లేవాళ్లు అరుదు. అందుకే మొదటి మెసేజ్‌లోనే ఆ పేరు ఎత్తడం అనవసరం. అన్నాక వెళ్లకపోతే తర్వాతి మాటకి విలువ ఉండదు. నిజంగా 1915కి ఫోన్ చేశాక ఆ ఫిర్యాదు నంబరు కంపెనీకి పంపితే, అప్పుడది బెదిరింపు కాదు, జరిగిన సంగతి.

వీధి చివర షాపు మెకానిక్ విషయంలో ఈ మెట్లేవీ ఉండవు. పైన కంపెనీ లేదు, కంప్లెయింట్ నంబరు లేదు, ఉన్నది మొహమాటం ఒక్కటే. విడిభాగం కోసం అడ్వాన్స్ ఇచ్చి ఉంటే మెసేజ్‌లో ముందు అదే రావాలి: ‘10వ తేదీన ఫోన్‌పేలో 800 పంపాను, గురువారం వస్తానన్నారు, రాలేదు. శనివారం 1 లోపు వచ్చి బిగిస్తారా, లేకపోతే డబ్బు వెనక్కి పంపుతారా? ఏ సంగతీ రేపు సాయంత్రం 6 లోపు చెప్పండి.’ వేరే మనిషిని పిలుచుకునే స్వేచ్ఛ ఇక్కడ ఎప్పుడూ ఉంటుంది కాబట్టి, అతనికి కుదరకపోతే ఆ మాట చెప్పే దారి కూడా ఇవ్వాలి.

పటమట ఇంటికి మెకానిక్ శనివారం పదకొండున్నరకి వచ్చాడనుకుందాం, పంపుతో సహా. ఇక్కడ ఇంకో చిన్న మలుపు ఉంది. పని ముగిసిందని నమోదు చేయడానికి చాలా కంపెనీలు కస్టమర్ ఫోన్‌కి ఓటీపీ పంపుతాయి. ఫోన్ కోడలి దగ్గర, ఆమె ఆఫీసులో. ‘మేడమ్, ఓటీపీ చెప్పండి, అయిపోయింది’ అని ఫోన్ వస్తుంది. మెషీన్ తిరగకముందే చెప్పేస్తే కాగితం మీద రిపేరు పూర్తయినట్టే. బట్టలు కొన్ని వేసి జాలింపు, పిండడం ఒక్కసారి నడిపించి, బయటి పైపులోంచి నీళ్లు ధారగా పోవడం అత్తగారు కళ్లారా చూశాకే కోడలు ఓటీపీ చెప్పాలి. అదే అరగంటలో జాబ్ షీట్ ఫొటో తీసుకోవాలి, అందులో పంపు మార్చినట్టు రాసి ఉందో లేదో చూడాలి. ఆ రోజు సాయంత్రం అతనికే మరో రెండు ముక్కలు: ‘ఈరోజు వచ్చి పంపు మార్చినందుకు థాంక్స్ అండీ. మెషీన్ బాగా పనిచేస్తోంది. కంప్లెయింట్ 4471, జూన్ 14.’ నెల తిరక్కుండా మళ్లీ OE కనబడితే, కొత్త కంప్లెయింట్‌లో మొదట ప్రస్తావించవలసింది ఈ మెసేజ్‌లోని నంబరూ తేదీయే. అప్పుడది కొత్త సమస్య కాదు, చేసిన రిపేరు నిలవలేదని సర్వీస్ సెంటర్ ఒప్పుకోవలసి వస్తుంది.